పాలు విరగ్గొట్టడంలోనూ ఒక లెక్క ఉంది

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)

పొద్దున్నే కాచిన పాలు కాస్తా విరిగాయంటే మన ఇళ్ళల్లో ఎంత గొడవో మీకు వేరే చెప్పనక్కర్లేదు. గిన్నె సరిగా కడగలేదని ఒకరు, పాలవాడు నిన్నటి పాలు కలిపాడని ఒకరు, ఇక ఈ పూటకి కాఫీ లేనట్టేనా అని ఇంకొకరు. అలాంటిది, చక్కటి పాలు డబ్బిచ్చి తెచ్చుకుని, మన చేత్తో మనమే నిమ్మకాయ పిండి విరగ్గొట్టుకోవడమేమిటని మా అత్తగారు మొదట్లో ససేమిరా ఒప్పుకోలేదు. పైగా ఆవిడకి పన్నీరంటే పెళ్ళిళ్ళలో వెండి బుడ్డితో చల్లే పన్నీరే తెలుసు. "పన్నీరుతో కూరేమిటమ్మా, వినడానికే వింతగా ఉంది!" అన్నారు.

పనీర్ కూర ఇప్పుడు మన వంటిళ్ళకీ బాగా అలవాటయింది. బజారులో దొరుకుతున్నా, ఇంట్లో చేసుకుంటే ఏ పాలతో చేశామో మనకి తెలుస్తుంది, పిల్లలకి ధైర్యంగా పెట్టుకోవచ్చు అని చాలామంది మొదలుపెడతారు. రెండుసార్లు చేసి మానేస్తారు. ఎందుకని అడిగితే, "ఒకసారి రబ్బరులా వచ్చింది, ఇంకోసారి కూరలో వెయ్యగానే పొడి అయిపోయింది, అదేమో మన చేతికి రాదండీ" అంటారు. ఇది చేతి వాటం కాదు. పాలల్లో పులుపు పోసే ఆ నిమిషంలో పాలు ఎంత వేడిగా ఉన్నాయి, విరిగాక ఎంతసేపు ఆగాం, ఎప్పుడు బరువు పెట్టాం - ఈ మూడింటిలోనే అంతా ఉంది. ఇవాళ ఆ మూడు సంగతులే మీతో చెబుదామనుకుంటున్నాను.

ముందుగా నా భాగోతం చెప్పేస్తాను. మా ఆడపడుచు కుటుంబం ఒక ఆదివారం భోజనానికి వస్తున్నారు. వాళ్ళ పిల్లలకి బఠాణీ పనీర్ కూరంటే ఇష్టమని నేను లీటరు గేదె పాలు తెప్పించాను. పాలు కుతకుత మరుగుతుండగా, పొయ్యి మీదే, రెండు నిమ్మకాయలు కోసి గబగబా పిండేశాను. పాలు క్షణంలో విరిగాయి. ఇంకా బాగా విరగాలి కదా అని మరో ఐదు నిమిషాలు అలాగే ఉడకనిచ్చాను. వడగట్టి, సన్నికల్లు పొత్రం ఎత్తి పైన పెట్టాను. తీసి చూస్తే చిన్న పలక, బిగుసుకుపోయి ఉంది. ముక్క నోట్లో వేసుకుంటే పళ్ళ కింద కీచుమంది. మా ఆడపడుచు కొడుకు, "అత్తా, ఇది స్కూలు రబ్బరులా ఉంది" అన్నాడు. చిన్నవాడు, ఉన్నమాట అనేశాడు.

మరుసటి వారం పంతం కొద్దీ మళ్ళీ చేశాను. వేడి ఎక్కువై గట్టిపడిందని నాకర్థమైంది కనక, ఈసారి పాలు కాచి దించి, బాగా చల్లారనిచ్చి, వేలు పెట్టి చూస్తే కాలనంత వేడిలో ఉన్నప్పుడు నిమ్మరసం పోశాను. పాలు విరిగీ విరగనట్టు, రవ్వలాగా సన్నగా విరిగాయి. నీళ్ళు తెల్లగానే ఉన్నాయి. ఇంకొక కాయ పిండాను, ఆపైన మరొకటి. గుడ్డలో పోస్తే నీళ్ళు దిగవు. గుడ్డ రంధ్రాలన్నీ పూడుకుపోయాయి. పంపు కింద పెట్టి చల్లటి నీళ్ళతో కడిగి, మూటకట్టి, వేరే పని చూసుకుని గంట తరవాత బరువు పెట్టాను. ముక్కలైతే కోశాను గాని, మరుగుతున్న గ్రేవీలో వెయ్యగానే కరిగిన కోవాలాగా కలిసిపోయాయి. పుల్లగా కూడా ఉంది. రెండు వారాల్లో రెండు లీటర్ల పాలు. మా అత్తగారు పైకి ఏమీ అనలేదు. పాలగిన్నె వైపు ఒక్కసారి చూశారు, అంతే.

మా మేడమీద వాటాలో ఒక పంజాబీ ఆవిడ ఉంటారు. నేను ఆవిణ్ణి బెహన్‌జీ అని పిలుస్తాను. నా గోడు విని నవ్వి, "రెండుసార్లూ నిమ్మకాయది తప్పు కాదు, పాలదీ తప్పు కాదు. మొదటిసారి వేడి మించింది, రెండోసారి వేడి చాలలేదు. రేపు పాలు తెచ్చుకో, నేను వచ్చి పక్కన నిలబడతాను" అన్నారు. ఆ రోజు ఆవిడ చేయించిన పద్ధతినే, పాలశాస్త్రం వాళ్ళు చెప్పే కారణాలతో కలిపి మీకు వరసగా చెబుతాను. అందరూ చేసుకునే కొలత గనక లీటరు పాలకే లెక్క చెబుతున్నాను.

పాలు వెన్న తియ్యనివై ఉండాలి. గేదె పాలు శ్రేష్ఠం. ప్యాకెట్ పాలయితే ఫుల్‌క్రీమ్ అని రాసి ఉన్నవి తీసుకోండి. వాటిలో వందకి ఆరు పాళ్ళు వెన్న ఉంటుంది. టోన్డ్ పాలలో మూడు పాళ్ళే. వాటితోనూ పనీర్ వస్తుంది గాని, తక్కువ వస్తుంది, కొంచెం గట్టిగానూ ఉంటుంది. అడుగు మందంగా ఉన్న గిన్నెలో పోసి, అడుగంటకుండా, మీగడ కట్టకుండా కలుపుతూ ఒక పొంగు రానివ్వండి. తరవాత మంట సన్నం చేసి రెండు మూడు నిమిషాలు ఉంచండి.

పొంగు ఎందుకు రావాలంటే రెండు కారణాలు. పాలలోని క్రిములు చావడం ఒకటి. రెండోది మనలో చాలామందికి తెలియదు. పాలలో మాంసకృత్తులు రెండు రకాలు. ఒక రకం పులుపు తగలగానే గడ్డకడుతుంది. రెండో రకం పలచటిది, పచ్చిపాలలో అయితే నీళ్ళతోపాటు జారిపోతుంది. పాలు బాగా కాగినప్పుడు ఈ రెండో రకం కూడా మొదటిదాన్ని అంటిపెట్టుకుంటుంది. అందువల్ల నీళ్ళలో పోయేది తగ్గి, పనీర్ ఎక్కువ దిగుతుంది. కాబట్టి కాచడానికి వేడి ఎక్కువే కావాలి. విరగ్గొట్టడానికి మాత్రం అంత వేడి పనికిరాదు. నేను ఆ రెండు వేడులూ ఒకటే అనుకోవడం వల్ల మొదటిసారి రబ్బరు చేశాను.

ఇప్పుడు గ్యాస్ కట్టేసి గిన్నె దించండి. గేదె పాలకి పులుపు పోసేటప్పుడు ఉండవలసిన వేడి 70 నుంచి 75 డిగ్రీల సెంటీగ్రేడు. ఆవు పాలయితే విరుగు మెత్తగా ఉంటుంది కనక కొంచెం ఎక్కువ, 80 నుంచి 85 డిగ్రీల దగ్గర పొయ్యాలి. మరుగుతున్న పాలలో పోస్తే విరిగిన ముద్ద ఒక్కసారిగా ముడుచుకుని తనలోని నీటిని బయటికి తోసేస్తుంది. నీరు పోయిన ముద్ద గట్టిగా, సాగుతూ ఉంటుంది. 60 కంటే తగ్గిపోతే దీనికి పూర్తిగా తిరగబడి, నీరు లోపలే ఉండిపోతుంది. రవ్వ ఒకదానికొకటి అతుక్కోదు. వేడి పెరిగే కొద్దీ గట్టిదనం, తగ్గే కొద్దీ మెత్తదనం. మనకి కావలసింది ఆ మధ్యలో ఉంది.

ఈ డిగ్రీలు ఇంట్లో ఎలా తెలుస్తాయని మీరడగవచ్చు. వంటకి వాడే థర్మామీటరు ఉంటే మంచిదే. జ్వరం చూసే థర్మామీటరు మాత్రం పొరపాటున కూడా పెట్టకండి. పాదరసం ఉన్నదయితే అది 42 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, ఆపైన పగిలిపోతుంది. పాదరసం పాలల్లో పడితే ఆ పాలు పారబొయ్యవలసిందే. థర్మామీటరు లేనివాళ్ళు గడియారం చూసుకోవచ్చు. మా ఇంట్లో మందపాటి స్టీలు గిన్నెలో లీటరు పాలు మరుగు దించి, మూత పెట్టకుండా, మధ్యమధ్య కలుపుతూ ఉంటే 75 డిగ్రీలకి రావడానికి దాదాపు ఎనిమిది నిమిషాలు పట్టింది. ఆవు పాలకైతే నాలుగైదు నిమిషాలు చాలు. వెడల్పు గిన్నెలో ఇంకా త్వరగా చల్లారతాయి, రెండు లీటర్లయితే ఆలస్యమవుతుంది. అందుకని ఎవరి దగ్గరైనా వంట థర్మామీటరు ఒక్కరోజు అడిగి తెచ్చుకుని, మీ గిన్నెలో, మీరు కాచే పాలకి ఎన్ని నిమిషాలు పడుతుందో రాసిపెట్టుకోండి. మళ్ళీ దానితో పనుండదు.

పాలు చల్లారేలోగా పులుపు సిద్ధం చేసుకోవాలి. మధ్యరకం నిమ్మకాయలు రెండు పిండితే రెండు పెద్ద చెంచాల రసం వస్తుంది. గింజలు తీసి, అంతే కొలత వేడినీళ్ళు కలపండి. నిమ్మకాయలు ఒక్కోసారి ఒక్కోలా ఉంటాయి కనక, ఎప్పుడూ ఒకేలా రావాలనుకునేవాళ్ళు నిమ్మ ఉప్పు వాడుకోవచ్చు. చిన్న చెంచాతో, గోపురంలా కాకుండా సమంగా, అరచెంచా తీసుకుని గ్లాసెడు వేడినీళ్ళలో కరిగించండి. అది లీటరు పాలకి సరిపోతుంది. రెంటిలో ఏదైనా వేడినీళ్ళతోనే కలపమన్నాను, గమనించండి. చల్లటి, చిక్కటి పులుపు ఒకచోట పడితే అక్కడి పాలు అతిగా విరిగి ముద్ద కడతాయి, పక్కన పాలు పాలుగానే ఉంటాయి.

పులుపు ధారగా, గిన్నె అంతా తిప్పుతూ, ఒకటి రెండు నిమిషాల్లో పొయ్యండి. రెండో చేత్తో గరిటె నెమ్మదిగా తిప్పుతుండాలి. మజ్జిగ చిలికినట్టు చిలకకూడదు, విరుగు పొడి అవుతుంది. సగం పులుపు పడేసరికి పాలల్లో చిన్న చిన్న పలుకులు కనిపిస్తాయి. ఇక్కణ్ణించి కళ్ళు గిన్నె మీదే పెట్టుకోండి. పలుకులు పెద్దవై, వాటి మధ్య నీళ్ళు ఆకుపచ్చ కలిసిన పసుపు రంగులో తేటగా కనిపించిన క్షణాన పులుపు పొయ్యడం ఆపెయ్యాలి. చేతిలో ఇంకా మిగిలి ఉన్నా సరే, ఆపెయ్యాల్సిందే. మిగిలింది కూడా పోసేస్తే పనీర్ పుల్లబడుతుంది, పొడిబారుతుంది.

ఒకవేళ అంతా పోశాక కూడా నీళ్ళు తెల్లగానే ఉంటే కంగారుపడకండి. ఒక నిమిషం ఆగి చూడండి. అప్పటికీ తేటపడకపోతే రెండు కారణాలుంటాయి. పులుపు చాలకపోవచ్చు, లేదా పాలు చల్లారిపోయి ఉండవచ్చు. ముందు గిన్నెను సన్నటి సెగ మీద పెట్టి ఒక నిమిషం వేడి చెయ్యండి, మరగనివ్వకండి. అప్పుడు కూడా కాకపోతే ఒక్క చిన్న చెంచా పులుపు వేసి చూడండి. నేను చేసినట్టు కాయ మీద కాయ పిండకండి.

పాలు విరిగాయి, ఇక గుడ్డలో పోసేద్దామని తొందరగా ఉంటుంది. అదే వద్దు. గరిటె తీసేసి, మూత పెట్టి, కదపకుండా పది నిమిషాలు ఉంచండి. ఈ పది నిమిషాల్లో పలుకులు ఒకదాన్నొకటి పట్టుకుని అడుగుకి దిగుతాయి, తేట పైకి వస్తుంది. మూత ఎందుకంటే వేడి నిలవడానికి. అది 60 డిగ్రీల పైనే ఉండాలి. అలాగని మళ్ళీ పొయ్యి మీద పెట్టి ఉడికించకూడదు. ఉడికిస్తే నా మొదటి పనీర్ కథే.

తరవాత చిల్లుల గిన్నెలో తడిపి పిండిన పలచటి నూలు గుడ్డ పరిచి వడగట్టండి. పాత మల్లుపంచె ముక్క శుభ్రంగా ఉతికింది బాగుంటుంది. కింద గిన్నె పెట్టి ఆ తేట పట్టుకోండి, చపాతీ పిండి కలుపుకోవడానికి, పప్పులో పోసుకోవడానికి పనికొస్తుంది. నిమ్మ వాసన పోవాలంటే గ్లాసెడు గోరువెచ్చటి నీళ్ళు పైనుంచి పొయ్యండి. పంపు కింద పెట్టి చన్నీళ్ళతో కడగవద్దు. ఎందుకో వినండి.

విరుగు పలుకులు ఒకటిగా అతుక్కుని పలకగా మారడం వేడి మీదే జరుగుతుంది. వేడిగా ఉన్నప్పుడు నొక్కితే అవి మెత్తని మైనంలా ఒకదానిలో ఒకటి కలుస్తాయి. చల్లారాక నొక్కితే నీరు పోతుందే గాని అతుకు పడదు. పైకి పలకలాగే ఉంటుంది, కూరలో వేస్తే విడిపోతుంది. నేను రెండోసారి ముందు చన్నీళ్ళతో కడిగి, ఆపైన గంట ఆగి, రెండు విధాలా ఆ అతుకు చెడగొట్టాను. వడగట్టిన ఐదు నిమిషాల్లో బరువు కింద పెట్టాలి, అంతే.

గుడ్డను నాలుగువైపులా మడిచి, అరచెయ్యంత చదరంగా, ముప్పావు అంగుళం మందాన సర్దండి. గుండ్రటి మూటగా పెడితే మధ్యలో గట్టిగా, అంచుల్లో మెత్తగా వస్తుంది. తలకిందులుగా పెట్టిన పళ్ళెం మీద ఆ మడత పెట్టి, పైన చపాతీ పీటలాంటి బల్లపరుపు చెక్క పెట్టి, దాని మీద రెండు లీటర్ల నీళ్ళు పోసిన గిన్నె పెట్టండి. రెండు లీటర్ల నీళ్ళంటే రెండు కిలోలు గనక తూకం తెలియకపోయే భయం లేదు. మెత్తటి ముక్కలకి ఇరవై నిమిషాలు, వేయించుకునే ముక్కలకి అరగంట చాలు. సన్నికల్లు పొత్రం లాంటి బరువు పెట్టి పూటంతా వదిలేస్తే నీరంతా పోయి ఎండిపోతుంది. ముక్క గట్టిగా ఉండడానికి ముఖ్యం బరువు కాదు, వేడి మీద పడిన అతుకు. ఇది గుర్తుంచుకోండి.

బరువు తీసి వేలితో నొక్కి చూడండి. గుంట పడి మళ్ళీ పైకి లేస్తే సరిగా వచ్చినట్టు. పడిన గుంట అలాగే ఉంటే ఇంకో పది నిమిషాలు బరువు పెట్టండి. అప్పుడే కొయ్యకూడదు, వేడి పలక కత్తికి అంటుకుని విరుగుతుంది. గుడ్డ తీసి, పలకను కాచి చల్లార్చిన నీళ్ళలో ముంచి ఫ్రిజ్‌లో రెండు గంటలు పెట్టండి. లోపలి వెన్న పేరుకుని, పలక బిగిసి, కత్తి పెడితే జున్నుముక్కలా నున్నగా తెగుతుంది. మూడు నాలుగు రోజులు ఉంచుకోవాలంటే అదే నీళ్ళలో ఉంచి, నీళ్ళు రోజూ మార్చండి. ఫ్రిజ్ లేనివాళ్ళు చేసిన పూటే వండేసుకోవాలి, ఎండాకాలంలో మర్నాటికి ఆగదు.

ఆ రోజు బెహన్‌జీ పక్కన ఉండగా లీటరు గేదె పాలకి దాదాపు 200 గ్రాముల పనీర్ దిగింది. మా ఇంట్లో అయిదుగురికి బఠాణీతో కలిపి చక్కగా సరిపోయింది. ముక్కలు గ్రేవీలో చివర వేసి, రెండు నిమిషాలు మాత్రం ఉడకనిచ్చాను. ఒక్క ముక్క కూడా విడిపోలేదు. మా అత్తగారు ఒక ముక్క నోట్లో వేసుకుని, కాసేపు నమిలి, "జున్నుకి దూరపు చుట్టంలా ఉందే" అన్నారు. ఆ సాయంత్రం గిన్నెలో మిగిలిన కూర ఎవరు తిన్నారో నేను అడగలేదు. మర్నాడు పొద్దున పాలు కాస్తుంటే మాత్రం ఆవిడ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఆదివారం ఇంకో లీటరు ఎక్కువ పొయ్యమని పాలవాడికి చెప్పనా?" అన్నారు.

మీరూ ఈసారి చేసేటప్పుడు పాలు దించగానే గడియారం వైపు ఒకసారి చూడండి.